వేసవి కాటన్లకు చివరి నాలుగు రోజులు

గురువారం ఉదయం
శ్రావణ మాసం స్టాక్ సోమవారం దిగుతోంది, ర్యాకులు ఖాళీ కావాలి. అందుకే వేసవి మగ్గం కాటన్లకు ఆదివారం రాత్రి 9 వరకు ధర తగ్గించాం. నిజాం బోర్డర్ మంగళగిరి చీరలు 38 ఉన్నాయి. ఏప్రిల్ నుంచి అమ్మిన ధర 1,850 రూపాయలు, ఇప్పుడు 1,290. ట్యాగ్ మీద రెండు ధరలూ కనిపిస్తాయి. సేల్ కోసమని తెప్పించిన సరుకు ఒక్కటి కూడా లేదు. ఈ నేత మళ్లీ వచ్చేది వచ్చే వేసవికే.

శనివారం మధ్యాహ్నం
14 చీరలు మిగిలాయి. ఆవపిండి రంగు అయిపోయింది. ఫొటోలోని నేరేడు రంగు చీరను దగ్గరగా చూడండి: షోకేసులో ఉండటం వల్ల మడత వెంట సన్నగా రంగు వెలిసింది. కట్టుకుంటే కుచ్చిళ్లలో కలిసిపోతుంది, అయినా చెప్పే అమ్ముతాం. అదొక్కటీ 900.
కుర్తీల్లో ఎస్, డబుల్ ఎక్సెల్ మాత్రమే ఉన్నాయి. ఎం సైజు కోసం దూరం నుంచి బయల్దేరకండి.
వాట్సాప్‌లో ఫొటో పంపితే రెండు గంటలు పక్కన పెడతాం. ఆ తర్వాత అడిగినవారికి ఇచ్చేస్తాం.

ఆదివారం సాయంత్రం 5
ఐదు చీరలు. రెండు పచ్చ, రెండు తెలుపు, ఒకటి ఇటుక రంగు. ధర ఇంకా తగ్గదు. గురువారం కొన్నవారికి అది అన్యాయం. బిల్లుతో మూడు రోజుల్లో తెస్తే మార్చుకోవచ్చు, ఫాల్ కుట్టించాక కుదరదు. మొదటి రెండుసార్లు చన్నీళ్లలో విడిగా ఉతకండి.
విజయవాడ గవర్నర్‌పేట షాపు 9 వరకు తెరిచే ఉంటుంది.