వన్‌టౌన్ పైపుల షాపు పాత ఐటీసీ: 18 సోమవారం సాయంత్రం 5కల్లా

పద్మజ గారూ,

ఇది చదవడానికి తొందరేమీ లేదు. రేపటితో ఆడిట్ పార్టీల ఐటీ రిటర్న్‌ల గడువు అయిపోతుంది. అది దాటేదాకా ఈ ఫైలు తెరవకండి. ఇవాళ మధ్యాహ్నం మూడున్నరకి కూడా మీ టిఫిన్ బాక్సు మూత తీయకుండా అలాగే ఉండటం చూశాను, అందుకే దగ్గరికొచ్చి అడగకుండా రాస్తున్నాను. రిటర్న్‌ల తర్వాత 29 లోపు తొమ్మిది కంపెనీల MGT-7 కూడా మీ మీదే ఉందని తెలుసు. సార్‌తో మాట్లాడాను. అందులో రెండు కంపెనీలు మన ఆర్టికల్ అబ్బాయికి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఏ రెండన్నది మీ ఇష్టం. ఈ పని మీరు తీసుకున్నా, తీసుకోకపోయినా ఆ మార్పు ఉంటుంది.

ఇక పని సంగతి. వన్‌టౌన్ పైపుల షాపుకి 2023-24 కొనుగోళ్లలో 43 బిల్లులకి క్రెడిట్ తీసుకోలేదు. సప్లయర్లు అప్పట్లో రిటర్న్ వేయకపోవడంతో అవి GSTR-2Bలో కనపడలేదు, మనం పక్కన పెట్టాం. తర్వాత చాలామంది ఆలస్యంగా వేశారు, అంటే ఆ బిల్లులు ఈ ఏడాది ఏదో ఒక నెల టూబీలో వచ్చి ఉండాలి. నెలనెలా చూసుకోవాల్సింది నేనే. జులై దాకా చూశాను, ఆ తర్వాత వదిలేశాను. తప్పు నాదే. ఇప్పుడు ఎందుకింత హడావుడి అంటే, పాత సంవత్సరం క్రెడిట్‌కి చట్టంలో చివరి తేదీ నవంబర్ 30. ఆ లోపు మనం వేసే త్రీబీ ఒక్కటే మిగిలింది, 20న వేయాల్సిన అక్టోబర్‌ది. త్రీబీని మళ్ళీ దిద్దడానికి లేదు. ఇందులో ఎక్కించకపోతే ఆ డబ్బు పార్టీ జేబులోంచి పోయినట్టే.

43లో 12 నేను చూసేశాను. వాటికి 50 నిమిషాలు పట్టింది. మిగిలిన 31 బిల్లుల్లో పన్ను సుమారు 3 లక్షల 10 వేలు. చిక్కుముడి బిల్లులు కూడా కలుపుకుంటే మీకు మూడు గంటలు పట్టొచ్చు. మిమ్మల్నే అడగడానికి కారణం ఒకటే. రెండేళ్ళు ఆ షాపు లెక్కలు మీరు చూశారు, వాళ్ళ అకౌంటెంట్ బిల్లు నంబర్లు ఎలా కొడతాడో మీకు తెలిసినంతగా నాకు తెలియదు. సోమవారం నేను సార్‌తో ఇంకో పార్టీ నోటీసు హియరింగ్‌కి వెళ్ళాలి.

షేర్డ్ డ్రైవ్‌లో `Pipes_ITC_2324.xlsx` అని ఉంది. మొదటి షీట్‌లో 43 బిల్లులు, రెండో షీట్‌లో 2023 ఏప్రిల్ నుంచి 2024 అక్టోబర్ దాకా 19 నెలల టూబీ అంతా ఒకేచోట అతికించాను. ఇవాళ వచ్చిన అక్టోబర్‌ది కూడా అందులోనే ఉంది, కాబట్టి మీకు పోర్టల్‌తో పనిలేదు. ఒక్కో బిల్లుని రెండో షీట్‌లో వెతకాలి. దొరికి, మూడో షీట్‌లో ఉన్న మన పాత త్రీబీ వర్కింగ్‌లో లేకపోతే ఆకుపచ్చ రంగు వేయండి. టూబీలో లేకపోతే ఎరుపు. ఇంతకుముందే తీసుకున్నదైతే బూడిద రంగు.

వెతికేటప్పుడు బిల్లు నంబరుతో కాకుండా పన్ను మొత్తంతో వెతకండి. వరస 6 చూడండి: ట్యాలీలో వాళ్ళు 1187 అని కొట్టారు, టూబీలో అది VJA/1187/23-24 అని ఉంది. నంబరు మొత్తం కలవాలని చూస్తూ నేను పావుగంట పోగొట్టుకున్నాను. 84,600 మీద సీజీఎస్‌టీ 7,614, ఎస్‌జీఎస్‌టీ 7,614. ఆ 7614 కొట్టగానే దొరికింది. ఇలా నంబరు తేడా ఉండి జీఎస్‌టీఐఎన్, తేదీ, పన్ను మూడూ కలిస్తే ఆకుపచ్చే, పక్క గడిలో 'నంబరు తేడా' అని రాస్తే చాలు. పన్నులో రూపాయి లోపు తేడా పట్టించుకోకండి. అంతకు మించితే పసుపు పెట్టి వదిలేయండి, అది నేను చూస్తాను.

మీ పని అక్కడితో అయిపోతుంది. సప్లయర్లకి ఫోన్లు చేయొద్దు, ఎరుపు బిల్లుల సంగతి షాపు అకౌంటెంట్‌తో నేను మాట్లాడతాను. అక్టోబర్ కొనుగోళ్ళ మ్యాచింగ్ అయిపోయింది. క్రెడిట్ నోట్లు, లారీ కిరాయి మీద ఆర్‌సీఎం, ఓనరు గారి కారు బిల్లు ఇందులో కలపలేదు, మీరూ కలపొద్దు. పోర్టల్‌లో కొత్తగా వచ్చిన ఐఎంఎస్ జోలికి మాత్రం అస్సలు వెళ్ళకండి, అక్కడ ఒక్క బిల్లు రిజెక్ట్ కొట్టినా టూబీ మారిపోతుంది.

ఏదైనా బిల్లు అటూ ఇటూ తేలకపోతే ఆకుపచ్చ వేయకండి. లేని క్రెడిట్ తీసుకుని తర్వాత వడ్డీతో కట్టడం కన్నా సార్‌ని ఒకసారి అడగడం నయం.

నాకు 18 సోమవారం సాయంత్రం 5 గంటలకల్లా కావాలి. మంగళవారం పొద్దున సార్ చూస్తారు, మధ్యాహ్నం పార్టీతో చలానా కట్టించి సాయంత్రం వేసేస్తాను. 20వ తేదీ పోర్టల్ ఎలా ఉంటుందో మీకు చెప్పేదేముంది. తప్పకపోతే మంగళవారం 11 దాకా ఆగగలను, అది కూడా సోమవారమే ఒక మాట చెబితేనే. అంతకు మించి నా చేతిలో లేదు. మిగిలిన 31 బిల్లుల్లో పన్ను ఎక్కువ ఉన్నవి పైన వచ్చేలా పెట్టాను, మొదటి తొమ్మిదిలోనే 2 లక్షల 40 వేలు ఉన్నాయి. సమయం చాలకపోతే ఆ తొమ్మిదీ చేసి ఆపేయండి, మిగతావి సోమవారం రాత్రి నేను కూర్చుంటాను. ఆదివారం దీనికోసం ఆఫీసుకి రావద్దు.

డౌట్ వస్తే వాట్సాప్‌లో వరస నంబరుతో పంపండి, 'వరస 22, జీఎస్‌టీఐఎన్ వేరే ఉంది' అన్నంత చాలు. శనివారం ఎప్పుడైనా సరే, అరగంటలో జవాబిస్తాను. సోమవారం పదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. ఆ టైములో ఆగిపోకుండా చివరి గడిలో ప్రశ్న రాసి తర్వాతి వరసకి వెళ్ళండి, బయటికి రాగానే ఫైలు తెరిచి అక్కడే రాస్తాను. కాగితం బిల్లు చూడాలంటే షాపు అకౌంటెంట్‌కి ఫోన్ చేయండి, 11 తర్వాతే ఎత్తుతాడు. మీరు అడుగుతారని చెప్పి ఉంచాను. క్రెడిట్ తీసుకోవచ్చా లేదా అన్న చట్టం సంగతులు మాత్రం సార్‌నే అడగండి, నేను చెప్పినా ఆయన మళ్ళీ చూస్తారు.

శనివారం 11కి పది నిమిషాలు కూర్చుని రెండు బిల్లులు కలిసి చేద్దాం, నేనే మీ టేబుల్ దగ్గరికొస్తాను. మీ పనుల మధ్య ఇది పట్టదనిపిస్తే శనివారం 12 లోపు 'కుదరదు' అని ఒక్క ముక్క పెట్టండి. కారణం చెప్పక్కర్లేదు. ఆదివారం ఇంటి దగ్గర నేను చేసుకునే టైము ఉంటుంది. మొహమాటానికి ఇప్పుడు సరేనని, కుదరలేదని సోమవారం సాయంత్రం చెబితే మాత్రం ఇద్దరం ఇరుక్కుంటాం.

శ్రీధర్
14 నవంబర్ 2024, గురువారం