1908 మూసీ వరద: హైదరాబాద్‌ని ముంచింది వాన ఒక్కటేనా?

వాయిస్ ఓవర్ స్క్రిప్ట్, ఫైనల్ వెర్షన్. నిడివి ఆరు నిమిషాల లోపు. ముఖం ఎక్కడా కనపడదు.

ఎడిటర్‌కి: 1908 నాటి ఫొటోలు ఫోల్డర్‌లో ఉన్నాయి. వాటికి రంగులు వేయొద్దు. స్టాక్ వానలో పసుపు టాక్సీ, ఓవర్‌కోటు, పెంకుల్లేని విదేశీ ఇల్లు కనపడిందంటే ఆ క్లిప్ పక్కన పెట్టెయ్. మన ప్రేక్షకులు కింద కామెంట్లలో పట్టేస్తారు.

0:00

[విజువల్: చింతచెట్టు కాండం దగ్గరగా, కెమెరా మెల్లగా కొమ్మల మీదికి. మనం తీసుకున్న షాటే. సౌండ్: ఆటో హారన్లు, ఆస్పత్రి గేటు దగ్గర రద్దీ. మ్యూజిక్ లేదు.]

వాయిస్: అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28, సోమవారం. ఆ రోజు ఈ కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది బతికారని చెబుతారు.

[ఒక క్షణం ఆగాలి. హారన్లు ఒక్కసారిగా కట్. నీటి హోరు.]

వాయిస్: చుట్టూ ఉన్న బస్తీలకు మాత్రం పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

[టెక్స్ట్: 1908 సెప్టెంబర్ 28. తెల్ల అక్షరాలు, నల్ల తెర, రెండు సెకన్లు.]

0:30

[విజువల్: స్టాక్, `heavy rain night clay tile roof`. తర్వాత ఫోల్డర్‌లోని ఫొటోలు 3, 4, 7: కూలిన గోడలు, విరిగిన వంతెన. మెల్లగా జూమ్, అంతకు మించి ఎఫెక్టులొద్దు.]

వాయిస్: ఆ వరదలో చనిపోయినవాళ్లు పదిహేను వేల మంది దాకా ఉంటారన్నది ఎక్కువగా వినపడే అంచనా. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు వరద ధాటికి దెబ్బతిన్నాయి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ మాత్రం నిలిచింది.

[విజువల్: పురానాపూల్ కమానులు, కింది నుంచి. మన షాట్.]

వాయిస్: రుబాయిలకు పేరుపడ్డ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఈ వరదలోనే తల్లిని, భార్యని, కూతుర్ని పోగొట్టుకున్నాడు. ముగ్గురినీ. తాను బతికాడు.

[నాలుగు సెకన్లు వాయిస్ లేదు. ఫొటో 9. ఇక్కడ ఏడుపు వయొలిన్ పెడితే ఊరుకోను.]

వాయిస్: అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ నది ఒడ్డుకి వచ్చి మూసీకి హారతి ఇచ్చాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కథ బాగుంటుంది. కానీ ఆ తర్వాతి ఏడాది ఆయన ప్రభుత్వం చేసిన పనికి కాగితాల సాక్ష్యం ఉంది. మనం ఆ దారిలో వెళ్దాం.

1:45

[విజువల్: మోక్షగుండం విశ్వేశ్వరయ్య పాత ఫొటో. తర్వాత స్టాక్, `old map ink pen hand`. చేయి మాత్రమే కనపడాలి.]

వాయిస్: 1909లో ఒక ఇంజనీరు హైదరాబాద్‌కి వచ్చాడు. బొంబాయి ప్రభుత్వ కొలువు అప్పుడే వదిలేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య. నగరాన్ని మళ్లీ కట్టడం, వరద మళ్లీ రాకుండా చూడటం ఆయనకి అప్పగించిన పని. ఆయన ముందు నగరం వైపు చూడలేదు. నగరానికి ఎగువన ఏం జరిగిందో లెక్క తీశాడు.

[టెక్స్ట్, ఒక్కొక్కటిగా: శంషాబాద్. 24 గంటల్లో 12.8 అంగుళాలు. 48 గంటల్లో 18.9 అంగుళాలు.]

వాయిస్: శంషాబాద్‌లో ఒక్క రోజులో పన్నెండున్నర అంగుళాలు దాటిన వాన. మిల్లీమీటర్లలో చెప్తే మూడు వందల పాతిక. పెద్ద వానే. కానీ అసలు విషయం దాని తర్వాత ఉంది.

[యానిమేషన్ మొదలు. పై నుంచి చూసినట్టు రెండు వాగులు: కుడిన మూసీ, ఎడమన ఈసీ. కింద రెండూ కలిసే చోట నగరం. నీలం చుక్కలు చెరువులు. ఇది వీడియోకి గుండెకాయ, తొందరపడొద్దు.]

వాయిస్: మూసీ, దాని ఉపనది ఈసీ, ఈ రెండింటిలోకీ వాననీళ్లు వచ్చి చేరే ప్రాంతం 862 చదరపు మైళ్లు. అందులో ఉన్న చెరువులు 788. దాదాపు చదరపు మైలుకొకటి. తెలంగాణ పల్లెల్లో వీటిని గొలుసుకట్టు చెరువులంటారు. పై చెరువు నిండితే అలుగు పారుతుంది. ఆ నీళ్లు కింది చెరువుకి చేరతాయి. అదీ నిండితే దాని అలుగు. మామూలు ఏడాదిలో ఒక్క చుక్క వృథా పోదు.

[యానిమేషన్: పై చుక్క నిండి కిందికి సన్నని గీత. రెండు, మూడు చెరువులు. ప్రశాంతంగా.]

వాయిస్: ఆ రాత్రి అలుగులు సరిపోలేదు. నీళ్లు కట్టల మీదుగా పొర్లాయి. మట్టికట్ట మీద నీళ్లు పొర్లితే ఇక అంతే, గండి పడుతుంది. పై చెరువు కట్ట తెగితే అందులోని నీళ్లన్నీ ఒక్క ఉదుటున కింది చెరువు మీద పడతాయి. అది తన వానకే నిండి ఉంది. అదీ తెగింది. దాని కింద ఇంకోటి.

[యానిమేషన్: చుక్కలు ఒక్కొక్కటిగా ఎరుపు. మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా. ప్రతి ఎరుపుకీ మట్టి విరిగిన శబ్దం. చివరి పదింటికి శబ్దాలు కలిసిపోవాలి.]

వాయిస్: మొత్తం 221 చెరువులు తెగాయి. వాటిలో 182 ఈసీ వైపువే. శంషాబాద్ ఏ వైపుందో మ్యాప్‌లో చూడండి.

[మ్యాప్‌లో శంషాబాద్ వెలగాలి. ఒక సెకను నిశ్శబ్దం.]

వాయిస్: అంటే ఆ సోమవారం నగరం మీదికి వచ్చింది ఒక రోజు వాన మాత్రమే కాదు. ఆ సీజనంతా 221 చెరువులు దాచుకున్న నీళ్లు కూడా. విశ్వేశ్వరయ్య లెక్కలో ప్రవాహం సెకనుకి నాలుగు లక్షల పాతికవేల ఘనపుటడుగులు.

4:10

[విజువల్: గండిపేట కట్ట మీద నడుస్తూ, భుజం వెనక నుంచి షాట్. తర్వాత గేట్ల దగ్గరి నీరు.]

వాయిస్: ఆయన చెప్పిన మందు ఇదీ. నగరానికి పైన, రెండు నదుల మీదా ఒక్కో పెద్ద జలాశయం కట్టండి. వరద వచ్చినప్పుడు పట్టి ఉంచి, నది మోయగలిగినంతే కిందికి వదలండి. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం గండిపేట నీళ్లు అని గొప్పగా చెప్పుకునేది వీటిలో మొదటిదాన్ని. తాగునీళ్లూ వీటి లాభమే. కానీ ఈ ఆలోచన పుట్టింది వరద వల్ల.

[టెక్స్ట్: ఉస్మాన్‌సాగర్ 3.9 టీఎంసీ. హిమాయత్‌సాగర్ 2.97 టీఎంసీ.]

వాయిస్: ఇందులో ఒక మెలిక ఉంది. వరదని పట్టాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. తాగునీటికి మాత్రం అది నిండుగా ఉండాలి. ఈ రెండూ ఒకే కట్ట వెనక ఎప్పుడూ పోట్లాడుకుంటూనే ఉంటాయి. అందుకే సెప్టెంబర్ చివర్లో పెద్ద వాన పడితే గేట్లు ఎత్తక తప్పదు.

[విజువల్: రాత్రి గేట్ల నుంచి నీళ్లు, స్టాక్ `dam gates open night`. తర్వాత మూసీ ఒడ్డున బస్సు స్టాండు బయటి షాట్, మనది.]

వాయిస్: 2025 సెప్టెంబర్ చివర్లో ఎత్తారు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి మూసీ నీళ్లు వచ్చాయి. లోపల చిక్కుకున్న ప్రయాణికుల్ని బయటికి తీసుకొచ్చారు.

5:15

[విజువల్: యానిమేషన్ మ్యాప్ మళ్లీ, ఈసారి నీలం చుక్కల పక్కన పేర్లు లేకుండా. మ్యూజిక్ తగ్గుతూ.]

వాయిస్: ఆ 788లో మీ ఊరి చెరువు ఉండొచ్చు. శంషాబాద్, చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు వాళ్లైతే, మీ చెరువు పేరు, దాని కింద ఏ చెరువుందో కామెంట్‌లో రాయండి. మేం మ్యాప్‌లో ఒక్కొక్కటిగా పేర్లు ఎక్కిస్తాం. ఆ మ్యాప్‌తోనే తర్వాతి వీడియో.

[ఎండ్ స్క్రీన్ పన్నెండు సెకన్లు. సబ్‌స్క్రైబ్ గంట శబ్దం వద్దు.]