"తోటి స్టాఫ్‌తో ఎప్పుడైనా గొడవైందా?": ఫార్మసిస్ట్ ఇంటర్వ్యూలో నా జవాబు

అయింది మేడమ్, ఇప్పుడు చేస్తున్న హాస్పిటల్ ఫార్మసీలోనే, కోఠి దగ్గర. నాది పొద్దున 8 గంటల షిఫ్ట్, నైట్ చేసే అన్న నాకంటే చాలా సీనియర్. నేను కౌంటర్‌లో కూర్చునేసరికి ఇన్సులిన్ స్టాక్ కంప్యూటర్‌లో ఒక లెక్క, ఫ్రిజ్‌లో ఇంకో లెక్క ఉండేది, ఎదురుగా పేషెంట్ల వాళ్లు చీటీలు పట్టుకుని నిలబడి ఉంటారు, ఒకరోజు స్క్రీన్ మీద జీరో చూపిస్తుంటే ఒక పెద్దాయనకి స్టాక్ లేదని చెప్పి పంపించేశాను, తర్వాత ఫ్రిజ్ తెరిస్తే బాక్సులు ఉన్నాయి. బయటికి పరిగెత్తాను గానీ ఆయన కనపడలేదు. అది ఇప్పటికీ బాధే నాకు.

ఆ కోపంలో వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశాను, నైట్ ఎంట్రీలు ఎందుకు పడట్లేదు అని. పేరు రాయలేదు, కానీ నైట్‌లో ఉండేది ఒక్కరే కదా మేడమ్, అందరికీ అర్థమైపోయింది, మేనేజర్ సార్ కూడా ఆ గ్రూప్‌లోనే ఉన్నారు. అన్న రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. అలా పెట్టడం నా తప్పే.

మూడో రోజు ఏడింటికే వెళ్లాను, అసలేం జరుగుతుందో చూద్దామని. సప్లయర్ బండి సరిగ్గా షిఫ్ట్ అయిపోయే ముందు వస్తుంది, అదే టైంకి ఐసీయూ నుంచి మందులు కావాలని ఇండెంట్లు, మనిషేమో ఒక్కడు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఆయన అన్నీ ఆపి ముందు బాక్సులు ఫ్రిజ్‌లో సర్దుతున్నాడు, దాంతో ఎంట్రీ వెనకబడుతోంది. ఆ ప్లేస్‌లో నేనున్నా ముందు ఫ్రిజ్ దగ్గరికే వెళ్తాను.

ఆయన డ్యూటీ దిగాక గేటు దగ్గర చాయ్ తాగుతూ చెప్పాను, అన్నా గ్రూప్‌లో పెట్టకుండా ముందు మిమ్మల్ని అడగాల్సింది, సారీ అని. "అడిగితే ఏముంది తమ్మీ, నాకు ఫోన్ చేస్తే అయిపోయేది" అన్నాడు. పెద్దాయన సంగతి కూడా చెప్పాను, అది ఆయనకి తెలియదు, విని కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆయనే అన్నాడు, ఫ్రిజ్ డోర్‌కి ఒక పేపర్ పెడదాం, సర్దేటప్పుడే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఎన్ని బాక్సులో పెన్నుతో రాసేస్తా అని. నేను పావుగంట ముందొచ్చి అవి కంప్యూటర్‌లో ఎక్కిస్తానన్నాను. ఆ రోజే గ్రూప్‌లో కూడా రాశాను, బండి టైం వల్ల లేట్ అవుతోంది, నేను కనుక్కోకుండా అన్నాను అని. మేనేజర్ సార్ సప్లయర్‌తో మాట్లాడి బండిని ఆరింటికి మార్పించారు.

లోడ్ ఎక్కువ వచ్చిన రోజు ఇప్పటికీ ఒకటి రెండు తేడా వస్తాయి మేడమ్. ఫోన్ చేస్తాను, ఇంటికెళ్లే బస్సులో ఉన్నా ఎత్తి ఏ షెల్ఫ్‌లో పెట్టాడో చెప్తాడు.