స్టోర్ రూమ్‌లో, వాక్‌ఇన్ కూలర్‌లో పాత సరుకు ముందు వాడే పద్ధతి

వంటగదిలో, స్టోర్‌లో, కౌంటర్‌లో పనిచేసే అందరికీ,

వచ్చే సోమవారం మధ్యాహ్నం భోజనాలు అయ్యాక, మూడింటి నుంచి స్టోర్ రూమ్ మొత్తం బయటపెట్టి మళ్ళీ సర్దుతున్నాం. మంగళవారం అదే వేళకి వాక్‌ఇన్ పని. ఆ రెండు రాత్రులూ బిర్యానీ, పుల్కాలు మాత్రమే ఉంటాయని కౌంటర్‌లో బోర్డు పెట్టేశాం కాబట్టి వంట ఒత్తిడి ఉండదు. ముందుగా ఈ కాగితం ఒకసారి చదవండి. చదవడం రానివాళ్ళకి పక్కవాళ్ళు చదివి వినిపించండి.

ముందొచ్చిన సరుకు ముందు వాడాలన్న సంగతి మీలో ఎవరికీ కొత్త కాదు. అయినా పోయిన నెల వెనక వరసలో రెండు శనగపిండి ప్యాకెట్లు చేదెక్కి బయటపడ్డాయి. అప్పటికి ముందు వరసలో కొత్త ప్యాకెట్లు విప్పి బజ్జీలు వేస్తున్నాం. సరుకు దింపే కుర్రాడు ఆటో ఆగి ఉందని తొందరలో ఖాళీ కనిపించిన చోట పెట్టి వెళ్తాడు. రద్దీలో పరుగెత్తుకొచ్చిన మాస్టరు చేతికందింది పట్టుకుపోతాడు. ఇందులో తప్పుపట్టడానికి ఎవరూ లేరు, మన అరలే అలా ఉన్నాయి. అందుకే చెయ్యి చాస్తే పాతదే అందేలా అరల్ని మారుస్తున్నాం.

స్టోర్ రూమ్

గోడకి ఆనించిన ర్యాకుల్ని జానెడు ముందుకు జరుపుతున్నాం. వెనక చీపురు దూరాలి, పందికొక్కు తిరిగితే ఆనవాలు కనిపించాలి. ఏ బస్తా నేల మీద ఉండకూడదు. చెక్క బల్లలు నేల నుంచి ఆరంగుళాల ఎత్తున ఉంటాయి. వర్షాకాలం మన కోనసీమ నేల ఎలా చెమ్మగిల్లుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఉప్పు, బెల్లం పైన రెండో అరలో, మూత బిగుతుగా ఉన్న డబ్బాల్లోనే ఉండాలి. ఫినాయిల్, సబ్బులు, బ్లీచింగ్ ఇక స్టోర్‌లో ఉండవు, మెట్ల కింది అలమరాలోకి పోతాయి.

ప్యాకెట్ సరుకు, అంటే రవ్వ, మైదా, శనగపిండి, మసాలా పొడులు, సేమియా, ఒక్కో రకానికి ఒక్కో నిలువు వరస. కొత్త సరుకు వస్తే ముందు పాతవన్నీ బయటికి తీసి, కొత్తవి వెనక పెట్టి, పాతవి ముందుకు తేవాలి. రెండు నిమిషాల పని. ఆటో వాడికి తొందరైతే సరుకు గుమ్మం దగ్గర దింపి వెళ్ళమనండి, సర్దేది మనం. దింపినవాళ్ళే సర్దేస్తారులే అని మాత్రం వదిలేయొద్దు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నిన్న వచ్చిన ప్యాకెట్ మీద గడువు నవంబరు అనీ, పోయిన వారం వచ్చిన దాని మీద జనవరి అనీ ఉండొచ్చు. షాపువాడు తన దగ్గర మిగిలింది మనకి అంటగట్టినప్పుడు ఇదే జరుగుతుంది. అలాంటప్పుడు వచ్చిన తేదీ చూడొద్దు. గడువు ఏది ముందు ముగుస్తుందో అదే ముందు వరసలో. గడువు మరీ దగ్గరగా ఉంటే దింపుకోకుండా వెనక్కి పంపండి, షాపువాడితో నేను మాట్లాడతాను.

పప్పుల డ్రమ్ముల దగ్గర అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. కందిపప్పు అడుగంటగానే కొత్త బస్తా కోసి మీద కుమ్మరించడం మనకి అలవాటు. పైనుంచి తోడుకుంటాం, మళ్ళీ పోస్తాం, తోడుకుంటాం. అడుగున ఉన్న రెండు కిలోలు ఎప్పటివో ఆ డ్రమ్ముకే తెలియదు. పురుగు మొదలయ్యేది అక్కడే, అక్కణ్ణుంచే కొత్త పప్పంతటికీ పాకుతుంది. ఇకనుంచి పాతదాని మీద కొత్తది పోయడం లేదు. అడుగున మిగిలింది పళ్ళెంలోకి ఒంపి, ఆ పూట పప్పులోకి అదే ముందు వాడి, డ్రమ్ము కడిగి, పూర్తిగా ఎండాక కొత్తది పోయాలి. తడి డ్రమ్ములో పోస్తే పురుగు కంటే ముందు బూజొస్తుంది. మినపగుళ్ళు, పెసరపప్పు, ధనియాలు, ఎండుమిర్చి అన్నిటికీ ఇదే. డ్రమ్ము ఎండేదాకా ఆగలేమనే మాట రాకుండా రెండు డ్రమ్ములు అదనంగా తెచ్చాం.

నూనె టిన్నులు పక్కపక్కనే పెట్టండి, ఒకదాని మీద ఒకటి వద్దు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఏ వస్తువైనా చివర వచ్చింది ముందు పోతుంది, మనకి కావాల్సిందానికి సరిగ్గా ఎదురు. గుడ్ల ట్రేలదీ అదే తంతు. గుడ్లకి రెండు దొంతరలు ఉంటాయి. ఎడమది వాడేది, కుడిది కొత్తది. ఎడమది ఖాళీ అయ్యేదాకా కుడిదాని మీద చెయ్యి పడకూడదు. అది అయ్యాక కుడిది ఎడమకి జరుగుతుంది.

బియ్యం

బియ్యం బస్తాలకీ రెండు దొంతరలే, కానీ ఇక్కడ వచ్చిన తేదీ ఒక్కటే చూస్తే దెబ్బతింటాం. మిల్లు నుంచి డిసెంబరులో వచ్చిన బస్తాలో కొత్త సార్వా బియ్యం ఉండొచ్చు, జనవరిలో వచ్చిన దాంట్లో పోయినేటి పాత బియ్యం ఉండొచ్చు. కొత్త బియ్యం వెంటనే వండితే అన్నం ముద్దవుతుంది, భోజనానికి వచ్చినవాళ్ళు మొదటి ముద్దకే పట్టేస్తారు. అందుకని బస్తా మీద మార్కర్‌తో వచ్చిన తేదీతో పాటు ఏ పంటదో కూడా రాయాలి: సార్వానా, దాళ్వానా, ఏ ఏడాది. కొత్త పంట బస్తాలు కిటికీ పక్క బల్ల మీద విడిగా ఉంటాయి. వాటిని ఎప్పుడు దించాలో భోజనాల మాస్టరుగారు ఒక గుప్పెడు వండి చూసి చెబుతారు. ఆయన చెప్పేదాకా అవి లేనట్టే లెక్క. బిర్యానీ బియ్యం ప్యాకెట్లకి మాత్రం మామూలు పద్ధతే, ప్యాకింగ్ తేదీ చూసి పాతది ముందు.

చింతపండుకి కూడా ఎప్పటిదో రాయండి. కొత్తదీ పాతదీ పులుపులో తేడా ఉంటుంది, కలిపేస్తే పులుసు రోజుకో రుచి వస్తుంది.

చీటీలు

తెల్ల టేపు, నల్ల మార్కర్. పెట్టె పొడిగా ఉన్నప్పుడే అతికించాలి, వాక్‌ఇన్‌లోకి వెళ్ళి చెమర్చాక అతికిస్తే పొద్దుటికి నేల మీద ఉంటుంది. మూత మీద వద్దు, మూతలు మారిపోతాయి. పెట్టె పక్కన, ముందు వైపు. వండినవాటికీ, తరిగినవాటికీ, నానబెట్టినవాటికీ ఇలా రాయాలి:

చికెన్ మసాలా పట్టించింది
చేసింది: 14-7, ఉదయం 10
ఆఖరు: 15-7, రాత్రి
బిర్యానీ సెక్షన్

పెద్ద డబ్బాలోంచి చిన్న డబ్బాలోకి మార్చినా తేదీ మారదు, పాత తేదీయే మళ్ళీ రాయాలి. నిన్నటి గ్రేవీలో ఇవాళ్టిది కలపొద్దు. ఎవరైనా కలిపితే ఆ గిన్నె మొత్తం నిన్నటిదే. తేదీ లేని గిన్నె కనిపిస్తే ఎవరిదని అడుగుతూ తిరగొద్దు, పారేయండి.

వాక్‌ఇన్

లోపల వేడి 2 నుంచి 4 డిగ్రీల మధ్య ఉండాలి, 5 దాటకూడదు. పొద్దున తలుపు తీయగానే ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి థర్మామీటరు చూసి తలుపు మీది పుస్తకంలో రాయాలి. ఫ్యాన్ ఎదురుగా పెట్టెలు పేర్చేస్తే గాలి తిరగదు, మీటరు 3 చూపిస్తున్నా వెనక మూల పాలు విరుగుతాయి. ఫ్యాన్ ముందు మూరెడు ఖాళీ వదలండి.

అరల వరస మారదు. పైన వండినవి, పెరుగు, పనీర్, తరిగిన సలాడ్ లాంటి నేరుగా తినేవి. దాని కింద కూరగాయలు. తర్వాత చేపలు, రొయ్యలు. తర్వాత మటన్. అన్నిటికంటే అడుగున చికెన్. పచ్చి మాంసం నీళ్ళు కిందికి కారినా తినే వస్తువు మీద పడకూడదనే ఈ వరస. కాబట్టి కింద ఖాళీ లేదని చికెన్ డబ్బా పైకెక్కించొద్దు. చోటు లేకపోతే నాకు చెప్పండి, మర్నాటి ఆర్డరు తగ్గిస్తాను.

ఒక్కో అరలో ఎడమ చివర పాతది, కుడి చివర కొత్తది. ఎడమ నుంచే తీయాలి, కుడివైపే పెట్టాలి. గుర్తుకి ఎడమ అంచున ఎర్ర టేపు వేస్తాం. లోతు తక్కువున్న ర్యాకు కాబట్టి ముందు వెనక కంటే ఇదే నయం, తలుపు బార్లా తీసి వెతుకుతూ నిలబడే పని తప్పుతుంది.

చికెన్, చేప వచ్చిన రోజూ మర్నాడూ మాత్రమే. చేపలు, రొయ్యలు ఐసులో, అడుగున చిల్లులున్న ట్రేలో ఉంచాలి, కరిగిన నీళ్ళలో నానకూడదు. పులస ఎవరైనా ముందుగా చెప్పి చేయించుకుంటేనే తెప్పిస్తాం, దానికి వాక్‌ఇన్‌లో చోటు కేటాయించడం లేదు. అంత డబ్బు పోసి కొన్న చేపని అరలో పడుకోబెట్టడం నాకిష్టం లేదు. అల్లం వెల్లుల్లి ముద్ద, ఉల్లి గ్రేవీ, ఉడికిన పప్పు మూడు రోజులు, చేసిన రోజుతో కలిపి.

వేడి గిన్నె తిన్నగా లోపల పెట్టొద్దు. పెద్ద గుండిగలో సాంబారు లోపల పెడితే నడిమి భాగం తెల్లారినా గోరువెచ్చగానే ఉంటుంది. రెండంగుళాలు మించని లోతున్న ట్రేల్లో పరిచి, కింద ఐసు నీళ్ళు పెట్టి చల్లార్చాలి. రెండు గంటల్లో 21 డిగ్రీలకి, ఆ పైన నాలుగు గంటల్లో 5కి దిగాలి. దిగకపోతే అది మర్నాటికి పనికిరాదు.

కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే టైము రాసి, తలుపు మూసి ఉంచండి. లోపలి సరుకు 5 దాటి నాలుగు గంటలైతే మాంసం, పాలు, వండినవి అన్నీ పోయినట్టే. మూత తీసి వాసన చూసి బాగానే ఉందనడానికి లేదు, ఒంటికి చెరుపు చేసేవి చాలావాటికి వాసనే ఉండదు.

పారేసిన పుస్తకం

గడువు దాటినవి పారేసేముందు పుస్తకంలో రాయండి: ఏం, ఎంత, ఎందుకు. దీనికి జీతంలో కోత ఉండదు. కోత పెడితే పుస్తకం ఖాళీగానూ చెత్తబుట్ట నిండుగానూ ఉంటుందని నాకు తెలుసు. ఆ పుస్తకం నా ఆర్డర్ల కోసం. వరసగా పనీర్ పోతోందంటే నేను ఎక్కువ తెప్పిస్తున్నానన్నమాట. కార్తీకమాసంలో చికెన్, రొయ్యలు సగానికి పడిపోతాయి కాబట్టి దీపావళి ముందు నుంచే ఫ్రీజర్‌లో ఉన్నవి ఖాళీ చేస్తూ రావాలి. ఆ నెలలో పది కొంటే ఒకటి ఉచితమని ఎవరొచ్చినా నాకు చెప్పకుండా దింపుకోవద్దు.

ఆహార భద్రతా అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు కూడా ఈ తేదీలు, వరసలు చూస్తారు. వాళ్ళు వస్తున్నారని తెలిశాక రాత్రికి రాత్రి చీటీలు అతికించే పని మన హోటల్లో వద్దు.

సోమవారం స్టోర్‌కి ముగ్గురు, మంగళవారం వాక్‌ఇన్‌కి ఇద్దరు చాలు. వాక్‌ఇన్ ఖాళీ చేసేటప్పుడు ఐసు పెట్టెలు ముందే నింపి పెట్టుకోండి, సరుకు బయట అరగంట మించి ఉండకూడదు. టేపు, మార్కర్లు కౌంటర్ కింది సొరుగులో ఉన్నాయి. మార్కర్ ఎండిపోతే సుద్దముక్కతోనైనా తేదీ వేసి, తర్వాత నన్ను కొత్తది అడగండి.