మౌఖిక హెచ్చరిక నమోదు పత్రం

పాల శీతలీకరణ కేంద్రం, పలమనేరు, చిత్తూరు జిల్లా
తేదీ: 18 జూన్ 2024, మంగళవారం

ఉద్యోగి: పి. మునిరత్నం, ప్లాంట్ ఆపరేటర్, నైట్ షిఫ్ట్ (2020 మార్చి నుంచి)
హెచ్చరిక ఇచ్చినవారు: జి. వెంకటరమణ, సెంటర్ ఇన్‌చార్జి
హాజరైన మరొకరు: ఎస్. లక్ష్మీదేవి, అకౌంట్స్ అసిస్టెంట్ (సాక్షిగా మాత్రమే, చర్చలో మాట్లాడలేదు)
విషయం: 13 జూన్ తెల్లవారుజామున సైలో ఉష్ణోగ్రతను గంటగంటకూ చూసి రాయకపోవడం, రాయని గంటలను తర్వాత చూడకుండానే నింపడం

జరిగింది

12 జూన్ బుధవారం రాత్రి 10 గంటల నుంచి గురువారం ఉదయం 6 గంటల వరకు మునిరత్నం గారు డ్యూటీలో ఉన్నారు. ఆ షిఫ్టు ఆపరేటరు గంటకోసారి సైలో ఉష్ణోగ్రత, ఐస్ వాటర్ ఉష్ణోగ్రత, కంప్రెసర్ ప్రెషర్లు చూసి లాగ్‌బుక్కులో రాసి పొడి సంతకం పెట్టాలి. సైలో 5 డిగ్రీలు దాటితే వెంటనే ఇన్‌చార్జికి ఫోన్ చేయాలి. ఈ రెండు సూచనలూ ప్యానెల్ పక్కన గోడకు అంటించి ఉన్నాయి.

ఉదయం 5.40కి ట్యాంకరు లోడింగు చూడటానికి నేను ప్లాంటులోకి వచ్చాను. లాగ్‌బుక్కు బల్ల మీద తెరిచి ఉంది. రాత్రి 1 గంట వరుస నిండి ఉంది, అందులో సైలో 4.3 డిగ్రీలు అని రాసి ఉంది. 2, 3, 4, 5 గంటల వరుసలు ఖాళీగా ఉన్నాయి. సైలో డిస్‌ప్లే 6.0 డిగ్రీలు చూపిస్తోంది. పేజీని, డిస్‌ప్లేను 5.42కి ఫోన్‌తో ఫొటో తీశాను. ప్యానెల్ చూస్తే ఐస్ వాటర్ పంపు ఆగి ఉంది. స్టార్టర్ రీసెట్ చేయించి, 5.55కి పాలను ప్లేట్ చిల్లర్ గుండా మళ్లీ తిప్పడం మొదలుపెట్టాం. ఈ పనిలో మునిరత్నం గారు నాతోపాటే ఉన్నారు. చెప్పినదంతా వెంటనే చేశారు.

6.10కి షిఫ్టు అప్పగించేటప్పుడు లాగ్‌బుక్కు మళ్లీ చూశాను. ఖాళీగా ఉన్న నాలుగు వరుసలూ నిండి ఉన్నాయి: 4.2, 4.2, 4.3, 4.3. నాలుగింటి పక్కనా ఆయన పొడి సంతకం ఉంది. సైలోకు ఉన్న ఆటోమేటిక్ రికార్డరులో అవే గంటలకు 5.3, 5.8, 5.8, 5.9 అని ఉంది. ఆ పేజీ నకలు, రికార్డరు ప్రింటు, రెండు ఫొటోలు ఈ పత్రానికి జత చేశాను.

ఆ సమయంలో సైలోలో 11,400 లీటర్ల పాలు ఉన్నాయి. ఉష్ణోగ్రత 7.05కి 4 డిగ్రీలకు దిగింది. ఉదయం 6.15కి బయల్దేరాల్సిన ట్యాంకరు 7.30కి బయల్దేరింది. లోడింగుకు ముందు చేసిన సీఓబీ టెస్టు నెగటివ్ వచ్చింది, ఆమ్లత 0.14 శాతం ఉంది. మెయిన్ డెయిరీలో పాలు దించుకున్నారు, తిప్పి పంపలేదు. కాబట్టి ఈ ఘటన వల్ల సంస్థకు డబ్బు నష్టం జరిగిందని ఈ పత్రంలో రాయడం లేదు.

మునిరత్నం గారు చెప్పింది

18వ తేదీ ఉదయం 11 గంటలకు ఆఫీసు గదిలో కూర్చుని మాట్లాడాం. ఎందుకు పిలిచానో 17వ తేదీ సాయంత్రమే చెప్పాను, కావాలంటే తోటి ఉద్యోగి ఒకరిని వెంట తెచ్చుకోవచ్చని కూడా చెప్పాను. ఆయన అక్కర్లేదన్నారు. ముందు జత చేసిన కాగితాలు ఆయన చేతికిచ్చి, చూసుకున్నాకే ప్రశ్నలు అడిగాను.

ఆయన చెప్పిన ప్రకారం ఆ రాత్రి హెల్పరు లేడు, ఒక్కరే ఉన్నారు. టైరు పంక్చరై ఆలస్యమైన వ్యాను రాత్రి 12.40కి వచ్చింది. ఆ పాలు చిల్లర్‌లోకి పోతుండగా 1.20కి కరెంటు పోయింది. జనరేటరు దానంతటది అందుకోలేదు. చేత్తో స్టార్ట్ చేసి, కంప్రెసరును మళ్లీ లైన్లోకి తెచ్చి, మిగిలిన పాలు ఎక్కించేసరికి 2 దాటింది. పాల పంపు తిరుగుతుండటంతో ఐస్ వాటర్ పంపు కూడా తిరుగుతోందనే అనుకున్నారు. ఆ తర్వాత క్యాన్లు కడగడం, డంప్ ట్యాంకు శుభ్రం చేయడం వంటి హెల్పరు పనులన్నీ తనే చేసుకున్నానని, డిస్‌ప్లే వైపు చూడలేదని అన్నారు.

నింపిన అంకెల గురించి అడిగితే ఆయన అన్న మాటలు ఇవి: "ఖాళీ పెడితే ఆడిట్లో అడుగుతారు సార్. అందుకే 1 గంటది చూసి అందాజుగా రాసినా. చూసి రాయలేదు, అది నిజమే." ఇంతకుముందు ఉన్న ఇన్‌చార్జి లాగ్‌బుక్కులో ఖాళీ కనిపించకూడదని చెప్పేవారని కూడా అన్నారు.

నేను సరిచూసినవి

హెల్పరు ఆ రోజు సెలవులో ఉన్నట్టు హాజరు పట్టీలో ఉంది. బదులు మనిషిని వేయలేదు. ఆ ఏర్పాటు చేయాల్సింది నేను. జనరేటరు పుస్తకంలో స్టార్ట్ సమయం 1.28, ఆటో చేంజోవర్ పనిచేయలేదన్న గమనిక ఉన్నాయి. గేటు రిజిస్టరులో వ్యాను రాక 12.40 అని ఉంది. కరెంటు పోయి వస్తే ఐస్ వాటర్ పంపు స్టార్టర్‌ను చేత్తోనే మళ్లీ వేయాలన్నది కూడా వాస్తవమే. అంటే 2 గంటల రీడింగు తప్పిపోవడానికి ఆయన చెప్పిన కారణం రికార్డులతో సరిపోతోంది. చల్లబడని పాలు కొంత సైలోలో కలవడం కూడా ఆ హడావుడిలోనే జరిగింది. దాన్ని ఆయన నిర్లక్ష్యంగా నేను లెక్కించడం లేదు.

3, 4, 5 గంటల రీడింగులకు ఆ కారణం సరిపోదు. డంప్ ట్యాంకు నుంచి డిస్‌ప్లే దాకా పది అడుగులు కూడా లేవు. ఆ మూడు సార్లలో ఒక్కసారి చూసినా ఐస్ వాటర్ సంగతి అప్పుడే తెలిసేది.

పాత ఇన్‌చార్జి ఏం చెప్పారన్నది రాతలో ఎక్కడా లేదు. దాన్ని నిర్ధారించలేను, కాదని కూడా అనలేను. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: రీడింగు తప్పిపోతే ఏం చేయాలో మన గోడ మీద సూచనల్లో ఇప్పటిదాకా లేదు.

నా నిర్ణయం

ఇక్కడ రాసేది నా అభిప్రాయం, పైన రాసినవి వాస్తవాలు. రెండింటినీ వేర్వేరుగా చదవాలి.

రీడింగు తప్పిపోవడం కంటే, తప్పిపోయిన చోట చూడని అంకె రాయడం పెద్ద విషయం. ఖాళీ వరుస ఉంటే ఉదయం వచ్చినవారు ఆగి అడుగుతారు. 4.3 అని ఉంటే నేరుగా లోడింగుకు వెళతారు. ఆ రోజు నేను 5.40కి కాక 6.15కి వచ్చి ఉంటే ఆ అంకెలనే నమ్మి ట్యాంకరు పంపేవాణ్ణి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 కింద లైసెన్సు తీసుకుని నడుస్తున్న కేంద్రంలో తనిఖీకి వచ్చినవారికి మనం చూపించేది ఈ పుస్తకమే.

అయినా మోసం చేయాలనే ఆయన అలా రాశారని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. అడిగిన వెంటనే ఒప్పుకున్నారు. రికార్డరు ఉందని తెలిసీ అంకెలు రాశారు, అంటే దాచే ఆలోచన ఉందనుకోవడం కష్టం. నాలుగేళ్ల సర్వీసులో ఆయన ఫైలులో ఎలాంటి మెమో లేదు. 2022 నవంబరు వానల్లో రెండు రాత్రులు వరసగా డ్యూటీ చేసినందుకు ప్రశంసా పత్రం ఉంది. ఇవన్నీ చూసి, చార్జి మెమో ఇవ్వకుండా మౌఖిక హెచ్చరికతో సరిపెడుతున్నాను. హాజరులో ఆలస్యాల గురించిన మాట ఈ సమావేశంలో రాలేదు, ఈ పత్రంలోనూ చేర్చలేదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఆయనకు చెప్పింది

ఇకమీదట ప్రతి రీడింగునూ డిస్‌ప్లే ముందు నిలబడి చూసి ఆ గంటలోనే రాయాలి. తప్పిపోతే ఆ వరుసలో ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, "చూడలేదు" అని రాసి, కారణం ఒక్క ముక్కలో పెట్టి సంతకం చేయాలి. అలా రాసినందుకు ఎవరూ ఏమీ అనరు, ఆడిట్లో అడిగితే జవాబు నేను చెబుతాను. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఐస్ వాటర్ పంపు, పాల పంపు, కంప్రెసరు మూడూ తిరుగుతున్నాయో లేదో చూసి టిక్కు పెట్టాలి. సైలో 5 డిగ్రీలు దాటితే ఏ వేళయినా నాకు ఫోన్ చేయాలి.

13వ తేదీ పేజీలోని నాలుగు అంకెలను చెరపకుండా, దిద్దకుండా అలాగే ఉంచాలి. వాటి కింద రికార్డరు రీడింగులను ఈ రోజు తేదీతో రాసి ఇద్దరం సంతకాలు చేశాం.

మళ్లీ చూడని రీడింగు రాసినట్టు తేలితే విషయం రాతపూర్వక మెమోకు వెళుతుందని, అప్పుడు కూడా సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఉంటుందని స్పష్టంగా చెప్పాను. ఈ హెచ్చరిక వల్ల జీతంలో కోత లేదు, షిఫ్టు మార్పు లేదు, ఇంక్రిమెంటు మీద ప్రభావం లేదు.

మేము చేయాల్సింది

నైట్ షిఫ్టులో హెల్పరు సెలవు పెడితే బదులు మనిషి లేకుండా షిఫ్టు నడపకూడదు, ఇది నేటి నుంచే అమలు. జనరేటరు ఆటో చేంజోవర్ రిపేరుకు 14వ తేదీనే ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను, 25లోపు పూర్తి కావాలి. ఐస్ వాటర్ పంపు ఆగితే మోగే అలారం కోసం మెయిన్ డెయిరీ ఇంజనీరింగ్ విభాగానికి ఈ రోజు లేఖ పంపాను. మారిన సూచనల కాగితం ప్యానెల్ పక్కన అంటించాం. అది మునిరత్నం గారికే కాదు, ముగ్గురు ఆపరేటర్లకూ వర్తిస్తుంది.

సమీక్ష

2 జూలై, 18 జూలై తేదీల్లో ఆయన షిఫ్టుల లాగ్‌బుక్కును రికార్డరుతో పోల్చి చూస్తాను. ఫలితం బాగున్నా బాగాలేకున్నా అదే రోజు ఆయనకు చెప్పి ఈ పత్రం వెనుక రాస్తాను. ఇలాంటిది మళ్లీ జరగకపోతే 18 డిసెంబరు 2024 తర్వాత ఈ హెచ్చరికను దేనికీ లెక్కలోకి తీసుకోకూడదు.

సమావేశం 11.40కి ముగిసింది. ఈ పత్రాన్ని అదే రోజు మధ్యాహ్నం రాసి, 3 గంటలకు మునిరత్నం గారికి చదవడానికి ఇచ్చాను. మార్పులుంటే చెప్పమన్నాను. క్యాన్లు కడిగిన విషయం మొదట నేను రాయలేదు, ఆయన అడిగితే చేర్చాను.

సంతకం: జి. వెంకటరమణ
సాక్షి సంతకం: ఎస్. లక్ష్మీదేవి

ఉద్యోగి రాసింది (స్వదస్తూరీతో)

పత్రం మొత్తం చదివినాను. నేను చెప్పినది సరిగానే రాసినారు. సంతకం పెట్టేది పత్రం అందినట్టు, చదివినట్టు మాత్రమే అని చెప్పినారు. చూడకుండా రాసింది తప్పే, ఒప్పుకుంటున్నాను. అయితే ఒక్క మనిషితో నైట్ షిఫ్ట్ నడపలేమని మే నెలలో కూడా నేను నోటిమాటగా చెప్పి ఉన్నాను, అది కూడా దీంట్లో ఉండాలని కోరుతున్నాను. ఒక కాపీ ముట్టింది.

పి. మునిరత్నం, 18-6-2024

ఇన్‌చార్జి గమనిక: మే నెలలో ఆయన ఆ మాట చెప్పడం నిజమే. నేను దాన్ని అప్పుడు రాసి పెట్టలేదు.

ప్రతులు: ఉద్యోగికి ఒకటి, వ్యక్తిగత ఫైలుకు ఒకటి. నోటీసు బోర్డులో పెట్టకూడదు.