విషయం: తెనాలి ఇంటి పనికి సైట్ ఇంజినీరు మార్పు గురించి

గుంటూరు,
9 జూన్ 2025

పూజ్యులైన మాస్టారు గారికి,

నమస్కారాలు. మీరూ అమ్మగారూ హైదరాబాదులో కులాసా అని తలుస్తాను. ఫోనులోనే చెప్పేవాణ్ణి కానీ, ఈ సంగతి రాతపూర్వకంగా మీ దగ్గర ఉండటం మంచిదనిపించి మెయిల్ చేస్తున్నాను.

మన ఇంటి పని మొదలైన దగ్గర్నుంచీ చూస్తున్న రమేష్ ఈ నెల 30న మా దగ్గర పని మానేస్తున్నాడు. ప్రభుత్వ శాఖలో ఏఈగా ఉద్యోగం వచ్చింది. కుర్రాడు ఎన్నాళ్లగానో రాస్తున్న పరీక్షలు. ఆపడానికి నాకు మనసొప్పలేదు. జులై 1 నుంచి మీ సైటు బాధ్యత పూర్తిగా లావణ్య తీసుకుంటుంది.

రమేష్ మీద గురి కుదిరాకే మీరు ఈ పని మాకు అప్పగించారు. స్లాబు ముందు పెట్టుకుని మనిషి మారుతున్నాడంటే ఎవరికైనా గుండెల్లో రాయి పడుతుంది. అందుకే మా ఇద్దరు ఇంజినీర్లూ ఒకే చోట నిలబడి అప్పగింతలు చేసుకునేలా తేదీలు చూసుకున్నాను. ఆషాఢం రాకముందే మొదటి అంతస్తు స్లాబు పడాలని మీరన్నారు కదా, జూన్ 21 శనివారం అనుకున్నది అలాగే ఉంటుంది. ఆ రోజు రమేష్, లావణ్య ఇద్దరూ తెల్లవారుజాము నుంచి సైటులోనే ఉంటారు. కాంక్రీటు పడేముందు ఇనుము చూసి సంతకం పెట్టేది మాత్రం లావణ్య. ఇక మీదట జవాబు చెప్పాల్సింది ఆమె కాబట్టి, ఆమె కళ్లతో చూడనిది ఆమె నెత్తిన పెట్టడం నాకిష్టం లేదు.

లావణ్య మీకు కొత్త గానీ మీ ఇంటికి కొత్త కాదు. పునాది నుంచి ఇనుము లెక్కలన్నీ ఆమె వేసినవే. కింది స్లాబు పోసిన రోజు పని రెండు గంటలు ఆలస్యమైందని రమేష్ మీకు చెప్పే ఉంటాడు. ఆపింది లావణ్యే. ముందువైపు బాల్కనీలో పైవరస ఊచలు కూలీల కాళ్ల కింద పడి కిందికి దిగిపోయాయి. బాల్కనీకి గోడవైపే ఆధారం, అవతలి కొస గాలిలో ఉంటుంది. అక్కడ బరువు మోసేది పైవరస ఇనుమే. అది అడుగుకి జారితే ఉన్నా లేనట్టే. మిల్లర్ మిషను తిరుగుతున్నా ఆపించి, ఊచల్ని ఎత్తిపట్టే ఇనుప చైర్లు దగ్గర దగ్గరగా పెట్టించి, ఊచలు పైకి లేపించాకే తట్ట కదలనిచ్చింది. మేస్త్రులు ఆడపిల్ల మాట వింటారా అని అమ్మగారికి అనుమానం రావచ్చు. ఆ రోజు నుంచి మన పెద్దమేస్త్రి సుబ్బారావు తన మనుషులతో అనే మాట, "మేడం వచ్చేలోపు చైర్లు లెక్కపెట్టుకోండ్రా" అని.

ఈసారి స్లాబు, బీములు కలిపి సుమారు 18 ఘనపు మీటర్ల కాంక్రీటు. కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆ పరిమాణానికి మూడు శాంపిళ్లు, అంటే బలం పరీక్షించడానికి పోసే కాంక్రీటు క్యూబులు తొమ్మిది తీయాలి. ఏడో రోజు పరీక్షకని మరో మూడు తీయిస్తున్నాను. ఏడో రోజు, అంటే జూన్ 28న వచ్చే ఫలితం రమేష్ ఉండగానే చూస్తాం. అసలు తీర్పు 28వ రోజున, జులై 19న. ఎం20 కాంక్రీటు కాబట్టి అప్పటికి చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్ల బలం రావాలి. ల్యాబు కాగితాలు వచ్చినవి వచ్చినట్టే మీకు పంపుతాం, మా మాటల్లో తిరగరాసి కాదు.

మనిషి మారినప్పుడు నిజంగా జాగ్రత్తపడాల్సింది స్లాబు పోసే రోజున కాదు, ఆ తర్వాతి రెండు వారాలు. సెంట్రింగ్ వాళ్లకి పలకలు, జాకీలు ఇంకో సైటుకి తీసుకెళ్లాలని తొందర. కొత్త ఇంజినీరు వచ్చాడంటే "పాత సారు తీసెయ్యమన్నాడండీ" అనడం ఈ పనుల్లో మామూలే. మీ హాలు పదిహేనున్నర అడుగుల వెడల్పు, అంటే సుమారు 4.7 మీటర్లు. నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబుకి 14 రోజుల దాకా ఆధారాలు కదపకూడదు. అంటే జులై 5 లోపు ఒక్క జాకీ కూడా బయటికి పోదు. లావణ్య సంతకం లేకుండా సెంట్రింగ్ విప్పితే ఆ బిల్లు నేను పాస్ చేయనని సుబ్బారావుకి ఇప్పటికే చెప్పాను. వాడుతున్నది బూడిద కలిసి నిదానంగా బలం పుంజుకునే పీపీసీ సిమెంటు, పైగా ఎండలు తగ్గలేదు, కాబట్టి స్లాబు మీద కట్టే నీళ్ల మడులు కూడా ఆ 14 రోజులూ నిండుగా ఉంటాయి. పొద్దునా సాయంత్రం మడుల ఫొటోలు లావణ్య మీకు వాట్సాప్‌లో పెడుతుంది.

ఇక మీరు రమేష్‌తో నోటిమాటగా అనుకున్నవి. డ్రాయింగులో ఉన్నది ఎవరొచ్చినా చేస్తారు, వరండాలో నిలబడి అనుకున్నదే మనిషితోపాటు వెళ్లిపోతుంది. అందుకని రమేష్‌ని కూర్చోబెట్టి గుర్తున్నవన్నీ రాయించాను. వంటగట్టు అమ్మగారి ఎత్తుకి తగ్గట్టు 31 అంగుళాలే ఉండాలనడం, కింది బాత్రూముకి గడప మెట్టు వద్దనడం, పెరట్లో మామిడిచెట్టు వేళ్లు తెగకుండా సెప్టిక్ ట్యాంకుని పడమర పక్కకి జరపడం, మీ పుస్తకాల బీరువా వచ్చే గోడమీద కరెంటు పాయింట్లు పెట్టొద్దనడం, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. కాగితం జత చేశాను. ఒకసారి అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. మరిచినవి ఉంటే వచ్చే ఆదివారం లోపు చెప్పండి, రమేష్ ఇక్కడ ఉండగానే లావణ్యకి అప్పజెప్పిస్తాను.

రేటు, విడతల చెల్లింపులు, డిసెంబరు 31కి తాళాలు ఇస్తామన్న మాట, అన్నీ ఒప్పందంలో ఉన్నట్టే. ఈ మార్పు వల్ల మీకు పడే ఖర్చేమీ లేదు. మేస్త్రి, సెంట్రింగ్ ముఠా, రాడ్ బెండర్లు, ఎలక్ట్రీషియను పాతవాళ్లే.

ఒక్క తేడా మాత్రం మీకు కనబడుతుంది. రమేష్‌కి మీరు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసినా గంటసేపు మాట్లాడేవాడు. లావణ్యకి చంటిబిడ్డ ఉంది, సాయంత్రం ఆరున్నర తర్వాత ఫోన్ ఎత్తడం కష్టం. ఆ వేళప్పుడు ఏదైనా తోస్తే మొహమాటపడకుండా నాకే చేయండి. ఆమె మాటలు పొదుపు, లెక్కలు మాత్రం మీకు నచ్చుతాయనుకుంటాను. మీరు చెప్పింది లెక్కలే కదా.

ఆదివారం, 15వ తేదీ పదకొండు గంటలకి రమేష్, లావణ్య, నేను ముగ్గురం సైటు నుంచే మీకు వీడియో కాల్ చేస్తాం. ఇనుము కట్టినంతవరకు మూలమూలా చూపిస్తాం, అడగాల్సినవి లావణ్యనే అడగండి. ఓ నెల ఆమె పని చూశాక కూడా మీకు కుదురు చిక్కకపోతే నాతో చెప్పండి, జులై 31 తర్వాత మీ సైటుకి నేనే స్వయంగా వారానికి రెండు రోజులు వస్తాను. స్లాబుకి మీరు రాదలిస్తే 20 రాత్రికి తెనాలి స్టేషనుకి కారు పంపుతాను, ఏ రైలో ముందుగా చెబితే చాలు.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు
మీ విధేయుడు,
శ్రీనివాసరావు

జత: నోటిమాట మార్పుల జాబితా, స్లాబు ఇనుము డ్రాయింగు