బియ్యం డబ్బాలో సీసా

ఆదివారం సాయంత్రం సీసాలన్నీ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. బీరువాలో పట్టుచీర మడతల్లోంచి ఒకటి, వాషింగ్ మెషిన్ వెనక నుంచి రెండు ఖాళీవి, అటక మీది ఇత్తడి బిందెలోంచి ఒక హాఫ్, బియ్యం డబ్బాలోంచి ఒక క్వార్టర్. ఆ క్వార్టర్ మూతకి ఇంకా నాలుగు గింజలు అంటుకునే ఉన్నాయి.

ఆయన టీవీ కట్టేశారు. పాప గదిలోంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇవన్నీ నావేనండీ. నా వల్ల కావట్లేదు. నన్ను ఎక్కడికైనా తీసుకెళ్లండి."

ఈ మూడు ముక్కలూ వారం రోజులుగా స్నానాల గదిలో కుళాయి తిప్పి మరీ చెప్పుకుని చూశాను. అయినా గొంతు వణికింది.

మొదలైంది నాన్న పోయిన ఏడు. నెలమాసికాలు నడుస్తున్నాయి, నాకు నిద్ర పట్టేది కాదు. మా ఆయన స్నేహితుడెవరో దుబాయ్ నుంచి తెచ్చిన సీసా షోకేసులో ఉండేది. ఒక రాత్రి మూతడు తాగితే తెల్లారేదాకా మెలకువ రాలేదు. మూత గ్లాసవడానికి ఎన్నాళ్లో పట్టలేదు. తగ్గినంత మేరా టీ డికాక్షన్ పోసి పెట్టేదాన్ని. ఆ తర్వాత కొనడం. వైన్స్ ముందు ఆడమనిషి నిలబడితే బజారంతా చూస్తుందని, ఆఫీసు దగ్గర టిఫిన్ బండి అబ్బాయికి యాభై ఎక్కువిచ్చి తెప్పించుకునేదాన్ని. ఖాళీవి చెత్తబండిలో వేస్తే గలగలమంటాయి. పాత పేపర్లో చుట్టి, టిఫిన్ బాక్సు పక్కనే బ్యాగులో పెట్టుకుని, బందరు కాలువ గట్టు దగ్గర చెత్తకుండీలో వదిలేదాన్ని. తాగడానికి పది నిమిషాలు. దాచడానికి రోజంతా సరిపోయేది కాదు.

మానేద్దామని నాకు నేనే చూశాను. రెండో రోజుకే ఒళ్లంతా చెమటలు, వాంతులు. గోడ మీద చీమలు పాకుతున్నట్టు కనిపించాయి, చేత్తో తుడిస్తే ఏమీ లేవు. భయమేసి మళ్లీ మూత తిప్పాను.

ధనుర్మాసంలో వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు మొదలుపెడితే గీత చుక్కని దాటి పక్కకి పోయింది. చెరిపి వేశాను, మళ్లీ పోయింది. అత్తయ్య ఏమీ అనకుండా నా చేతిలోంచి ముగ్గుచిప్ప తీసుకుని, మోకాళ్ల నొప్పులతోనే వంగి పూర్తిచేసింది. మొన్న శనివారం కాలేజీకి దింపుదామని బండి తీస్తే, పాప హ్యాండిల్ మీద నా చేతులే చూస్తూ, "నేను ఆటోలో వెళ్తాలే అమ్మా" అంది. కోపంగా కాదు, జాగ్రత్తగా అంది. ఆ జాగ్రత్త రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అడిగారాయన.

"మూడేళ్లు."

లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. అత్తయ్య బల్ల దగ్గరికొచ్చి క్వార్టర్ సీసా మూత మీది గింజల్ని వేలితో దులిపింది.

"దీని సంగతి నాకు తెలుసే తల్లీ. నాలుగు నెలలుగా సోల దీనికి తగలకుండా పక్కనుంచే ముంచుతున్నా. నువ్వే చెబుతావని చూశా. నేనే అడగాల్సింది."

రోజూ పొద్దున్నే వంటింట్లో ఆ సోల చప్పుడు వింటూ, ఇంకా దొరకలేదు కదా అని నేను ఊపిరి పీల్చుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

బాల్కనీలోంచి ఆయన, "అక్కావాళ్లకి తెలిస్తే ఎలా అమ్మా?" అన్నారు.

"దీని ప్రాణం కంటే మీ అక్క ఎక్కువట్రా? ముందు లోపలికి రా."

వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా ఎదురుగా కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక నా చెయ్యి పట్టుకున్నారు. అది వణుకుతూనే ఉంది. ఆయన వదల్లేదు.

పాప అప్పటికే ఫోన్లో 14416 నొక్కింది. టెలీ మానస్ అట, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైనే, తెలుగులోనే మాట్లాడారు. ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు, ఇంతకుముందు మానినప్పుడు ఏమైందని అడిగితే అన్నీ నిజమే చెప్పాను. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ఇంట్లో సొంతంగా మాన్పించొద్దు, డాక్టర్ల కళ్ల ముందే జరగాలి, వణుకు, చెమటలు ఉన్నాయి కాబట్టి ఈ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి అన్నారావిడ. ఆ చీమల సంగతి మొదటిసారి ఒకరికి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

పాప సంచిలో రెండు చీరలు, తువ్వాలు, నా దువ్వెన సర్దింది. అత్తయ్య నుదుట కుంకుమ పెట్టింది. ఆయన కిందికి వెళ్లి ఆటో పిలిచారు.

నాలుగు మెట్లు దిగాను. ఐదో మెట్టు మీద కాలు ఆగింది.

"పాపా."

"ఏంటమ్మా?"

"కుట్టుమిషన్ సొరుగులో, దారపుండల కింద ఇంకొకటుంది."

పాప సంచి నా చేతికిచ్చి పైకి పరుగెత్తింది.